చేతికీ చేతికీ మధ్య ఆగిపోయే రోజులు

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు వెళితే ఇనుప షీటును కత్తిరించి, మడిచి, వెల్డింగ్ చేసి మోటారు స్టార్టర్ బాక్సులు, కరెంటు ప్యానెళ్లు తయారుచేసే చిన్న యూనిట్లు కనిపిస్తాయి. అలాంటి యూనిట్‌నొకదాన్ని ఈ వ్యాసానికి నమూనాగా పెట్టుకుందాం. ఒక యజమాని, పాతికమంది పనివాళ్లు, ఒక లేజర్ కటింగ్ మెషీను, ఒక బెండింగ్ మెషీను, ఇద్దరు వెల్డర్లు, డ్రాయింగులు వేసే ఒక అబ్బాయి. పౌడర్ కోటింగ్ మాత్రం బయట జాబ్ వర్క్‌కు ఇస్తారు. ఇక్కడ చెప్పబోయే అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి వేసుకున్నవి. ఆలస్యాలు పుట్టే చోట్లు మాత్రం ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలిసినవే.

ఆ యూనిట్‌కు 60 స్టార్టర్ బాక్సుల ఆర్డరు వచ్చింది. మూడు వారాల్లో ఇస్తానని యజమాని మాటిచ్చాడు. సరుకు కస్టమరుకు చేరేసరికి ఐదు వారాలు పట్టింది, అంటే ఆదివారాలు తీసేస్తే దాదాపు 30 పని దినాలు. మధ్యలో కస్టమరు ఎన్నిసార్లు ఫోన్ చేసినా "పని నడుస్తోంది సార్" అన్నదే జవాబు. అందులో అబద్ధం లేదు. షెడ్డులో ఎవరూ ఖాళీగా లేరు, మెషీన్లు తిరుగుతూనే ఉన్నాయి. అయినా ఈ 60 బాక్సుల మీద మనుషులూ మెషీన్లూ కలిసి పనిచేసిన సమయాన్ని కూడితే 28 గంటల 20 నిమిషాలు వచ్చింది. రోజుకు 8 గంటల చొప్పున మూడున్నర రోజుల పని. తక్కిన 27 రోజులూ ఆ ఆర్డరు ఎక్కడో ఒకచోట ఆగి ఉంది: ఒకసారి మెయిల్లో, ఒకసారి బల్ల మీద, ఒకసారి షెడ్డు మూల, ఒకసారి కోటింగ్ షాపు ఆవరణలో.

ఆ 27 రోజులనూ ఒక కాగితం మీద కళ్లకు కట్టే పద్ధతి పేరు వాల్యూ స్ట్రీమ్ మ్యాపింగ్. ఆర్డరు వచ్చిన నిమిషం నుంచి సరుకు చేరేదాకా పని ఎక్కడెక్కడ జరిగింది, ఎక్కడెక్కడ ఆగింది, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఎలా మారింది అన్నదంతా ఒకే పటంగా గీయడమే ఇది. టయోటా కంపెనీలో సరుకు ప్రవాహాన్నీ సమాచార ప్రవాహాన్నీ కలిపి ఒకే బొమ్మగా గీసుకునే అలవాటు ఉండేది. ఆ కంపెనీలో పనిచేసిన జాన్ షుక్, మైక్ రోథర్‌తో కలిసి 1998లో 'లెర్నింగ్ టు సీ' అనే పుస్తకం రాశాక ఈ బొమ్మ ప్రపంచమంతటి ఫ్యాక్టరీలకు పాకింది. పుస్తకం పెద్దదేమీ కాదు. ఈ పటం గీయడానికి కావలసిన సరంజామా కూడా పెన్సిలు, రబ్బరు, ఒక పెద్ద కాగితం, అంతే.

వెనక నుంచి ముందుకు నడవడం

పటం గీసేవాళ్లు ఆఫీసులో కూర్చుని గీయరు. సరుకు బయటికి వెళ్లే గేటు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అంచె వెనక్కి నడుస్తూ ఆర్డరు వచ్చిన బల్ల దాకా వస్తారు. ఇలా వెనక నుంచి నడవడానికి కారణం ఉంది. ముందు నుంచి వస్తే ఎవరికి వారు "నేను చేసి పంపేశాను" అని చెబుతారు. వెనక నుంచి వస్తే ప్రతి అంచె దగ్గరా "ఇది నీ దగ్గరికి ఎప్పుడొచ్చింది, రాగానే మొదలుపెట్టగలిగావా, ఏమైనా తక్కువ పడిందా" అని అడగవచ్చు. పంపేశాననుకున్న మనిషికీ అందుకున్న మనిషికీ మధ్య పోయిన రోజులు అప్పుడే బయటపడతాయి.

కాగితం మీద పని జరిగే ప్రతి చోటుకూ ఒక పెట్టె గీస్తారు: కటింగ్ ఒక పెట్టె, బెండింగ్ ఒకటి, వెల్డింగ్ ఒకటి. రెండు పెట్టెల మధ్య సరుకు పోగుపడి ఉంటే అక్కడ ఒక త్రిభుజం గీసి, ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టి రాస్తారు. పై భాగంలో సమాచారం నడిచే దారి ఉంటుంది. కస్టమరు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి సూపర్‌వైజరుకు, అక్కడి నుంచి మెషీన్లకు. నోటితోనో కాగితం మీదో వెళ్లే మాటకు తిన్నని గీత, మెయిలు, వాట్సాప్ లాంటివాటికి వంకర గీత. అన్నిటికంటే కింద నిచ్చెన మెట్లలాంటి ఒక కాల రేఖ ఉంటుంది. రేఖ పై మెట్టు మీద నడిచినంతసేపూ ఆగి ఉన్న కాలం, కింది మెట్టుకు దిగితే పని జరిగిన కాలం. పటమంతా పూర్తయ్యాక చదవాల్సింది ముఖ్యంగా ఈ ఒక్క రేఖనే.

ఈ రేఖకు తేదీలు ఎక్కడి నుంచి తేవాలన్నది అసలైన మెలకువ. మనుషుల్ని అడిగితే జ్ఞాపకం నుంచి చెబుతారు, జ్ఞాపకం ఎప్పుడూ మంచి రోజునే చూపిస్తుంది. కోటింగ్‌కు ఎన్నాళ్లు పడుతుందని అడిగితే "రెండ్రోజులన్నా, మహా అయితే మూడు" అంటారు. జాబ్ వర్క్‌కు పంపిన డెలివరీ చలాన్ తేదీనీ, తిరిగొచ్చినప్పుడు గేటు రిజిస్టరులో రాసిన తేదీనీ పక్కపక్కన పెడితే వేరే సంఖ్య కనిపిస్తుంది. చిన్న యూనిట్లలో రికార్డులు ఉండవనుకుంటాం గానీ కావలసినవన్నీ ఉంటాయి. పర్చేజ్ ఆర్డరు వచ్చిన మెయిలు మీద గంట, నిమిషం ఉంటాయి. డ్రాయింగు పంపిన సమయం, కస్టమరు సరేనన్న సమయం వాట్సాప్‌లో దొరుకుతాయి. షీటు దిగిన రోజు ఇన్‌వర్డ్ రిజిస్టరులో, సరుకు బయల్దేరిన రోజు ఇన్వాయిసులోనూ ఈ-వే బిల్లులోనూ ఉంటాయి. ఒక్క ఆర్డరు చూసి తీర్పు చెప్పకూడదు. ఈమధ్య పూర్తయిన పది ఆర్డర్ల తేదీలు ఇలా తీసి, అందులో నడిమి రకం ఆర్డరుతో పటం గీసి, అన్నిటికంటే ఆలస్యమైనదాన్ని పక్కన పెట్టుకుంటే చిత్రం నిజానికి దగ్గరగా వస్తుంది.

60 బాక్సుల ప్రయాణం

ఇప్పుడు మన ఆర్డరు వెంట నడుద్దాం. ఆర్డరు మెయిలు వచ్చాక ఒక రోజు అలాగే ఉంది, యజమాని సైటు పని మీద బయట ఉన్నాడు. మర్నాడు చూసి ఎంట్రీ చేయడానికి 20 నిమిషాలు. అక్కడి నుంచి డ్రాయింగు అబ్బాయి దగ్గరికి వెళ్లింది. కొత్త ఎంక్వయిరీలకు రేట్లు కట్టేదీ, షెడ్డులో కొలతల అనుమానాలు తీర్చేదీ కూడా అతనే కాబట్టి రెండు రోజులు ఆగింది. వేయడానికి పట్టింది 3 గంటలు. డ్రాయింగు కస్టమరు ఆమోదానికి వెళ్లింది. ఆమోదం రావడానికి 5 రోజులు.

ఆ ఐదు రోజుల్లో ఏం జరిగిందో దగ్గరగా చూడాలి. ఆర్డరులో బాక్సు కొలతలున్నాయి, రంగు ఉంది. కింద కేబుళ్లు దూరే గ్లాండ్ రంధ్రాలు ఏ సైజు, ఎన్ని అన్నది లేదు. డ్రాయింగు అబ్బాయి పాత ఆర్డరు చూసి అలవాటైన సైజు వేశాడు. కస్టమరు తరఫున పర్చేజ్ చూసే మనిషికి ఆ విషయం తెలియదు, సైట్ ఇంజినీరుకు పంపాడు. ఇంజినీరు రెండు రోజులకు చూసి, "ఇది కాదండీ, 25 ఎంఎం మూడు, 32 ఎంఎం ఒకటి కావాలి" అని జవాబిచ్చాడు. అది మళ్లీ పర్చేజ్ మనిషి మీదుగా ఇక్కడికి వచ్చింది. దిద్దడానికి పట్టింది ఒక గంట. దిద్దినదానికి ఆమోదం రావడానికి ఇంకో రెండు రోజులు. ఈ వ్యవహారంలో ఎవరూ బద్ధకించలేదు. ఒక ఖాళీ గడి వల్ల కాగితం నాలుగుసార్లు చేతులు మారింది, మారిన ప్రతిసారీ ఎవరో ఒకరి వరుస కోసం ఆగింది.

ఆమోదం వచ్చాకే షీటు కొనాలన్నది ఆ యూనిట్ పద్ధతి. 1.2 ఎంఎం సీఆర్‌సీఏ షీటు ఆర్డరు పెట్టడానికి అరగంట, దిగడానికి 3 రోజులు. ఇక్కడికి లెక్కేస్తే ఇనుము ముక్క మీద చెయ్యి పడకముందే 11 రోజులు ఆగడంలోనే పోయాయి.

ఇక షెడ్డులోకి వద్దాం. కటింగ్ ముందు 2 రోజులు ఆగింది, కోత 2 గంటల్లో అయిపోయింది. లేజర్ ఆపరేటరు ఒకే మందం షీటు మీద రెండు మూడు ఆర్డర్ల ముక్కల్ని సర్ది ఒకేసారి కోస్తాడు, షీటు వృథా తగ్గుతుందని. అందుకని 1.2 ఎంఎం ఆర్డర్లు ఇంకొన్ని జమయ్యేదాకా మనది ఎదురుచూసింది. బెండింగ్ ముందు ఒక రోజు, పని 3 గంటలు. వెల్డింగ్ ముందు 2 రోజులు, గ్రైండింగ్‌తో కలిపి పని 6 గంటలు. మధ్యలో ఇంకో కస్టమరు "అర్జెంటు" అని ఫోన్ చేస్తే అతని ఫ్రేములు ముందుకొచ్చి మనవి పక్కకు జరిగాయి.

తర్వాత కోటింగ్. ఇదీ దగ్గరగా చూడాల్సిన చోటే. వెల్డింగ్ అయిన బాక్సులు ఆటో నిండేంత సరుకు జమయ్యేదాకా 2 రోజులు షెడ్డు గుమ్మం దగ్గరే ఉన్నాయి. కోటింగ్ షాపుకు చేరాక ఇంకో 4 రోజులు. కోటింగ్ పని నిజానికి చిన్నదే. నూనె, తుప్పు పోయేలా వరుస తొట్లలో కడిగి, ఆరబెట్టి, గన్నుతో పౌడరు చల్లి, 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్లో పది ఇరవై నిమిషాలు కాలిస్తే అయిపోతుంది. 60 బాక్సులకు అన్నీ కలిపి 3 గంటలు. మరి నాలుగు రోజులెందుకు? రంగు మార్చాలంటే బూతునూ గన్నునూ గొట్టాలనూ శుభ్రంగా తుడవాలి, లేకపోతే పాత రంగు చుక్కలు కొత్తదాని మీద పడతాయి. కాబట్టి కోటింగ్ అతను, "లైట్ గ్రే ఇంకో పార్టీది కూడా వస్తోందన్నా, రెండూ ఒకేసారి లాగించేస్తా" అంటాడు. అతని లెక్కలో అది తెలివైన పనే. ఆ తెలివికి మన ఆర్డరు నాలుగు రోజులు చెల్లించింది.

రంగు వేసుకుని తిరిగొచ్చిన బాక్సులు అసెంబ్లీ దగ్గర మళ్లీ 2 రోజులు ఆగాయి. "తాళాలు అయిపోయినయ్ సార్, చెప్పాను, రేపొస్తాయంట" అన్నాడు స్టోర్స్ కుర్రాడు. ఎన్ని తాళాలు కావాలో ఆర్డరు వచ్చిన రోజునే తెలుసు, కొనమని చెప్పింది మాత్రం అసెంబ్లీ వాళ్లు పెట్టె తెరిచి చూసినప్పుడు. రబ్బరు గాస్కెట్లు, కీళ్లు, తాళాలు బిగించడానికి 5 గంటలు. చెకింగ్, ప్యాకింగ్ కోసం ఒక రోజు ఆగి 2 గంటల పని. చివర ఇన్వాయిసు కొట్టే అకౌంటెంట్ రాక, సరుకు విలువ 50 వేలు దాటింది కాబట్టి ఈ-వే బిల్లు, బండి దొరకడం, వీటికి 2 రోజులు. కాగితాల పని అరగంట, బండి ప్రయాణం 2 గంటలు.

ఆగిన రోజులు కూడితే 27. పని గంటలు కూడితే 28 గంటల 20 నిమిషాలు. మొత్తం కాలంలో పని జరిగింది నూటికి 12 పాళ్లు కూడా లేదు. ఆ గంటల్లో కూడా ఒక్కో బాక్సు వంతు అరగంట లోపే, ఒక బాక్సును మడుస్తున్నప్పుడు తక్కిన 59 పక్కన ఉంటాయి కదా.

పటం ముందు నిలబడితే తెలిసేవి

ఈ రేఖను గోడకు అంటించి చూసినప్పుడు యజమానికి మొదట తగిలేది, తన అంచనా తప్పిన చోటు. ఆలస్యాలకు విరుగుడుగా కొత్త బెండింగ్ మెషీను కొందామని అతను బ్యాంకు లోను కూడా వాకబు చేశాడు. ఆ మెషీను రెండింతల వేగంతో పనిచేసినా 3 గంటల పని గంటన్నరకు తగ్గుతుంది. 30 రోజుల్లో గంటన్నర మిగులుతుంది. పైగా బెండింగ్ అయిన ముక్కలు ఇంకా త్వరగా వెల్డర్ల ముందుకొచ్చి పోగుపడతాయి, వెల్డింగ్ ముందున్న త్రిభుజం ఇంకా పెద్దదవుతుంది. షెడ్డంతా చురుగ్గా కనిపిస్తుంది, సరుకు మాత్రం అదే రోజున బయటికి వెళుతుంది.

రెండోది, రోజులు ఎక్కువగా పోయింది యజమాని రోజూ తిరిగే షెడ్డులో కాదు. కటింగ్, బెండింగ్, వెల్డింగ్ మూడింటి ముందూ కలిపి ఆగింది 5 రోజులు. షీటు దిగకముందు ఆఫీసులో 11, కోటింగ్ దగ్గర 6. ఈ రెండు చోట్లే 27లో 17 రోజుల్ని మింగాయి. ఆఫీసులో ఆగిన ఆర్డరు కంటికి కనబడదు, అది ఒక మెయిలు. కోటింగ్ షాపులో ఆగినదీ కనబడదు, అది వేరేవాళ్ల ఆవరణ. కళ్లెదుట కుప్పగా పడి ఉన్న ఇనుముకు సూపర్‌వైజరు జవాబుదారీ. ఈ రెండింటికీ ఎవరూ జవాబుదారీ కారు.

మూడోది కాస్త నిదానంగా అర్థం చేసుకోవాల్సింది. మనిషి ఎంత బిజీగా ఉంటే అతని ముందు పని అంత ఎక్కువసేపు ఆగుతుంది, అదీ పెరిగినకొద్దీ విపరీతంగా. పనులు ఒక క్రమం లేకుండా వచ్చి పడుతుంటే, క్యూల లెక్కల్లో అతి సరళమైన సూత్రం చెప్పేదిది: ఒక మనిషి తన సమయంలో నూటికి 80 పాళ్లు బిజీగా ఉంటే వచ్చిన పని సగటున, దాన్ని చేయడానికి పట్టే సమయానికి నాలుగింతలు వరుసలో ఆగుతుంది. 90 పాళ్లకు తొమ్మిదింతలు, 95కు పంతొమ్మిదింతలు. మన డ్రాయింగు అబ్బాయి విషయంలో ఇదే జరిగింది. 3 గంటల డ్రాయింగు 2 రోజులు, అంటే 16 గంటలు ఆగింది. అతన్ని "ఇంకా తొందరగా చెయ్" అని గదమాయిస్తే లాభం లేదు. అతని మీద పడుతున్న రకరకాల పనుల్లో కొన్నిటిని తీసేస్తే వరుస దానంతటదే కరుగుతుంది.

నాలుగోది, చేతులు మారేటప్పుడు సమాచారం ఎంత నిండుగా మారుతోందన్న లెక్క. పటం గీసేవాళ్లు ప్రతి పెట్టె దగ్గరా ఒక ప్రశ్న అడుగుతారు: నీకొచ్చే పది పనుల్లో మళ్లీ ఎవరినీ అడగకుండా, దిద్దకుండా మొదలుపెట్టగలిగేవి ఎన్ని? తొమ్మిది అంటే బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆర్డరు నుంచి డెలివరీ దాకా అలాంటి పది అంచెలుంటే, ప్రతిచోటా పదికి తొమ్మిది చొప్పున సరిగ్గా మారినా, మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా వెనక్కి తిరగకుండా వెళ్లేవి నూటికి 35 ఆర్డర్లే. తక్కిన 65 ఎక్కడో ఒకచోట గ్లాండ్ రంధ్రంలాంటి ప్రశ్నతో వెనక్కి వెళతాయి.

పటం నిజమా కాదా అని సరిచూసుకోవడానికి ఒక తేలికైన దారి ఉంది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు నిరూపించిన సూత్రమది. లోపల ఉన్న పనుల సంఖ్యను రోజుకు బయటికి వెళ్లే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక్కో పని సగటున లోపల ఉండే రోజులు వస్తాయి. మన యూనిట్‌లో డెలివరీ కాని ఆర్డర్లు 30 ఉన్నాయి. నెలకు 25 పని దినాల్లో 25 ఆర్డర్లు బయటికి వెళతాయి, అంటే రోజుకొకటి. 30ని 1తో భాగిస్తే 30 రోజులు. పటం చెప్పినదీ అదే. దీన్ని తిరగేసి చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది: లోపల 30 ఆర్డర్లు ఉన్నంతకాలం, బయటికి రోజుకొకటే వెళ్తున్నంతకాలం, మూడు వారాల మాట నిలబడే దారి లేదు.

రెండో పటం

మొదటి పటం ఇప్పుడున్న తీరు చూపిస్తుంది. దాని పక్కనే, మూడు నాలుగు నెలల్లో ఎలా ఉండాలో చూపే రెండో పటం గీయాలి. అది గీయకపోతే మొదటిది గోడకు అలంకారంగా మిగిలిపోతుంది. మన యూనిట్‌లో రెండో పటం ఇలా ఉండవచ్చు.

ఆర్డరు తీసుకునేటప్పుడే నింపాల్సిన ఒక పేజీ ఫారం పెట్టారు: కొలతలు, షీటు మందం, రంగు నంబరు, గ్లాండ్ రంధ్రాల సైజు, ఎన్ని, తాళం రకం, ఆమోదం చెప్పే ఇంజినీరు ఫోన్ నంబరు. ఏ గడి ఖాళీగా ఉన్నా ఆర్డరు ఎంట్రీ కాదు, ఆ క్షణమే ఫోన్ చేసి అడుగుతారు. యజమాని లేకపోయినా ఎంట్రీ చేసే అధికారం ఆఫీసులో ఇంకొకరికి ఇచ్చారు. పదేపదే వచ్చే సైజులకు ముందే ఆమోదం తీసుకున్న డ్రాయింగులు ఉంచుకున్నారు. రేట్లు కట్టే పని డ్రాయింగు అబ్బాయి నుంచి తీసి వేరొకరికి అప్పగించారు. దీంతో ఎంట్రీ దగ్గర ఆగడం పోయింది, డ్రాయింగు ముందు ఒక రోజు, ఆమోదానికి ఒక రోజు మిగిలాయి. ఎప్పుడూ వాడే మందం షీట్లు కొన్ని ఎల్లవేళలా నిల్వ ఉంచి, వాడినన్ని మళ్లీ తెప్పించే ఏర్పాటు చేశారు. షీటు కోసం ఆగిన 3 రోజులూ పోయాయి.

షెడ్డులో ఒకే కట్టుబాటు పెట్టారు. వెల్డింగ్ ముందు గీసిన గళ్లలో మూడు ఆర్డర్లకు మించి పట్టవు. గళ్లు నిండితే కటింగ్ ఆగాలి, కటింగ్ ఆపరేటరు వచ్చి గ్రైండింగ్‌లో చెయ్యి వేయాలి. వచ్చినది వచ్చిన వరుసలోనే వెళ్లాలి, అర్జెంటు అన్నదాన్ని ముందుకు జరిపే అధికారం ఒక్క యజమానిదే. ఇక్కడ 5 రోజులు 3 అయ్యాయి. మెషీను ఆగి ఉంటే యజమానికి మనసు ఒప్పదు. ఈ మార్పులన్నిటిలో నిలబెట్టడం కష్టమైనది ఇదే.

కోటింగ్ అతనితో కూర్చుని మాట్లాడారు. లైట్ గ్రే వారానికి రెండు నిర్ణీత రోజుల్లో వేయడానికి అతను ఒప్పుకున్నాడు, ఆ రోజులకు సరిపడా సరుకు తప్పకుండా పంపడానికి వీళ్లు ఒప్పుకున్నారు. ఆటో నిండినా నిండకపోయినా ముందురోజు సాయంత్రం బయల్దేరుతుంది. 6 రోజులు 3 అయ్యాయి. తాళాలు, గాస్కెట్లు ఆర్డరు ఎంట్రీ అయిన రోజునే కొనమని రాస్తున్నారు కాబట్టి అసెంబ్లీ దగ్గర ఆగే 2 రోజులు లేవు. చెకింగ్ ముందు ఒక రోజు అలాగే ఉంది. ప్యాకింగ్ జరుగుతుండగానే ఇన్వాయిసు సిద్ధం చేసి, బండికి ముందే చెప్పడం వల్ల డిస్పాచ్ దగ్గర 2 రోజులు ఒకటయ్యాయి.

కొత్త లెక్కలో ఆగే కాలం 10 రోజులు. పని మూడున్నర రోజులు అలాగే ఉంది, ఎవరినీ వేగంగా చేయమనలేదు, మెషీను కొనలేదు. మొత్తం పదమూడున్నర రోజులు. మూడు వారాల మాట ఇప్పుడు నిలబడుతుంది, మధ్యలో ఒకరోజు కరెంటు పోయినా తట్టుకుంటుంది.

ఇది ఊరికే రాలేదు. షీట్ల నిల్వలో కొంత డబ్బు ఇరుక్కుంటుంది. సగం ఖాళీగా వెళ్లే ఆటోకు కిరాయి పూర్తిగా కట్టాలి. కలిపి కోయడం తగ్గితే షీటు తుక్కు కాస్త పెరుగుతుంది. పటం వీటిని కాదనదు. ఇన్నాళ్లూ కంటికి కనబడిన ఈ ఖర్చుల్ని మిగుల్చుకుంటూ, కనబడని 27 రోజులకు ఎంత కడుతున్నామో పోల్చి చూసే అవకాశం ఇస్తుంది. ఆలస్యమైన సరుకుకు డబ్బు కూడా ఆలస్యంగానే వస్తుందన్నది ఆ పోలికలో మొదటి అంకె.

ఎక్కడ పనికిరాదు, ఎలా తప్పుతుంది

ఇది అన్ని చోట్లా పనిచేసే సాధనం కాదు. దాదాపు ఒకే దారిలో నడిచే వస్తువుల కుటుంబానికి ఒక పటం పనికొస్తుంది. స్టార్టర్ బాక్సులకు ఒకటి, పెద్ద ప్యానెళ్లకు ఇంకొకటి. ప్రతి ఆర్డరూ ఒక్కో దారి పట్టే రిపేరు షాపులో ఒకే రేఖ గీస్తే అది దేనికీ వర్తించదు. పటం ఆ వారం తీసిన ఫొటో మాత్రమే. పెళ్లిళ్ల సీజనులో పనివాళ్లు తగ్గినప్పుడు, మోటార్ల గిరాకీ పెరిగే ఎండాకాలంలో దాని అంకెలు మారతాయి. పైగా అది ఎక్కడ ఆగిందో చెబుతుంది గాని ఎందుకు ఆగిందో చెప్పదు. కోటింగ్ బూతు తుడవడం గురించి పటంలో ఉండదు, వెళ్లి అతన్ని అడిగితేనే తెలిసింది.

ఎక్కువగా తప్పేది మనుషుల దగ్గర. పటం గీయడాన్ని తప్పు పట్టుకునే సోదాగా మారిస్తే, మర్నాటి నుంచి రిజిస్టర్లలో తేదీలు అందంగా మారిపోతాయి, ఆలస్యం మాత్రం అలాగే ఉంటుంది. అందుకే గీసేటప్పుడు ఆఫీసు మనిషి, వెల్డరు, స్టోర్స్ కుర్రాడు, వీలైతే కోటింగ్ అతను కూడా ఒకే కాగితం చుట్టూ ఉండాలి. తాళాలు ఎప్పుడు కావాలో ఆఫీసుకు ముందే తెలుసన్న సంగతి స్టోర్స్ కుర్రాడికి అక్కడే తెలుస్తుంది. ఆ కుర్రాడికి ఆర్డరు కాపీ ఎప్పుడూ అందలేదన్న సంగతి ఆఫీసుకూ అక్కడే తెలుస్తుంది.

మార్పు నిజంగా వచ్చిందా లేదా అన్నదానికి ప్రతి సోమవారం మూడు సంఖ్యలు రాసుకుంటే చాలు. డెలివరీ కాని ఆర్డర్లు ఎన్ని, గత వారం వెళ్లినవాటిలో నడిమి ఆర్డరుకూ అన్నిటికంటే ఆలస్యమైనదానికీ ఎన్నేసి రోజులు పట్టాయి, సమాచారం చాలక వెనక్కి తిరిగినవి ఎన్ని. కటింగ్ లెక్కలు పెరుగుతూ, డెలివరీ కాని ఆర్డర్ల సంఖ్య మాత్రం 30 దగ్గరే ఉంటే, ఆగే చోటు మారిందే తప్ప ఆగడం తగ్గలేదని అర్థం. ఆ సంఖ్య 14 దగ్గరికి దిగి, బయటికి రోజుకొకటి వెళ్లడం తగ్గకుండా ఉంటే, లిటిల్ సూత్రం ప్రకారం కస్టమరు ఎదురుచూపు రెండు వారాల పైచిలుకుకు వచ్చినట్టే.

పెట్టెల మధ్య ఉన్న ప్రతి ఖాళీకీ ఒక మనిషి పేరూ ఒక గడువూ రాయడం ఈ పనంతటిలో తప్పనిసరిగా మిగలాల్సినది. మన యూనిట్‌లో ప్రతి పెట్టెకూ మొదటి నుంచీ ఒక పేరుంది, వెల్డింగ్ ఎవరిది, కటింగ్ ఎవరిది అని ఎవరినడిగినా చెబుతారు. ఆమోదం కోసం ఎదురుచూసే ఐదు రోజులు ఎవరివి, కోటింగ్ షాపులో ఉన్న నాలుగు రోజులు ఎవరివి అంటే జవాబు లేకపోయింది. ఆ రెండు చోట్లా పేర్లు రాసిన తర్వాతే రోజులు తగ్గడం మొదలైంది.